సంస్కరణల సంఘాలు – అమలైనదెంత? నిలిచినదెంత?

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాయవలసిందిగా మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, ఏమి రాయాలా అని కొంత ఆలోచించాను. కిందటి నెల రుషికొండలో మా ఇంటి వద్ద నలుగురైదుగురు మిత్రులం కూర్చున్నప్పుడు, ఒక మిత్రుని కుమారుడు, అతనూ ప్రభుత్వోద్యోగే, ఒక ప్రశ్న వేశాడు. "పరిపాలనా సంస్కరణలకని ఇన్ని కమిషన్లు వేశారు కదా బాబాయి గారూ, వాటి వల్ల ఒరిగిందేమిటి?" అన్నాడు. అందరూ నవ్వి, "బీరువాలు నిండాయి నాయనా" అన్నారు. నేనూ నవ్వాను. కాని రాత్రి పడుకున్నాక, ఆ జవాబు సగమే నిజమనిపించింది. ముప్పయ్యేళ్ళు పైగా రెవిన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసిన నా కళ్ళ ముందే కొన్ని మార్పులు వచ్చి నిలిచాయి. కొన్ని వచ్చి పోయాయి. కొన్ని కాగితం దాటి రాలేదు. ఈ తేడా ఎందుకు వచ్చిందో నాకు తెలిసినంతలో చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా పెద్ద కమిషను సంగతి. మన దేశంలో మొదటి పరిపాలనా సంస్కరణల కమిషన్‌ను 1966 జనవరి 5న నియమించారు. మొరార్జీ దేశాయ్ అధ్యక్షులు. 1967లో ఆయన ఉప ప్రధాని కావడంతో కె. హనుమంతయ్య గారు ఆ బాధ్యత తీసుకున్నారు. 1970 వరకు పనిచేసి 20 నివేదికలు, 537 సిఫారసులు ఇచ్చింది. ఆ సిఫారసులలో మూడింటి గతి చూస్తే మిగతా వాటి సంగతి చాలావరకు అర్థమవుతుంది.

ఉద్యోగుల వ్యవహారాలకు కేంద్రంలో ప్రత్యేక శాఖ ఉండాలన్నది మొదటిది. 1970లోనే ఆ శాఖ ఏర్పడింది. పై స్థాయి పదవులను రంగాల వారీగా విభజించి, ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు వంటి ఇతర సర్వీసుల వారికి కూడా వాటికి పోటీపడే అవకాశం ఇవ్వాలన్నది రెండవది. అది ఆ రూపంలో అమలుకు రాలేదు. పెద్ద పదవులలో ఉన్నవారి మీద వచ్చే ఫిర్యాదులను విచారించడానికి లోక్‌పాల్, లోకాయుక్త ఉండాలన్నది మూడవది. ఇది 1966 అక్టోబరులో ఇచ్చిన మొట్టమొదటి నివేదికలోనే ఉంది. మన రాష్ట్రంలో లోకాయుక్త చట్టం 1983లో వచ్చింది. కేంద్రంలో బిల్లు మొదటిసారి 1968లో ప్రవేశపెట్టారు, చట్టం 2013లో అయింది, మొదటి లోక్‌పాల్ నియామకం 2019లో జరిగింది. సిఫారసుకూ నియామకానికీ మధ్య యాభై ఏళ్ళు దాటాయి.

ఒక కొత్త శాఖ పెట్టడమంటే కొత్త పదవులు, కొత్త కుర్చీలు. ఎవరికీ నష్టం లేదు కనుక అది వెంటనే జరిగింది. మిగతా రెండూ, అప్పటికే కుర్చీలో ఉన్నవారు తమ అధికారంలో కొంత వదులుకుంటేగాని జరిగేవి కావు. ఆ నిర్ణయం తీసుకోవలసినదీ వారే.

ఫైలు నడిచే తీరు

కింది నుంచి చూసిన గుమాస్తాగా ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో చెబుతాను. నివేదిక అచ్చయి వచ్చాక దానిని ఎవరూ మొత్తంగా ఒక పుస్తకంలా పరిశీలించరు. సిఫారసుల వారీగా విడగొట్టి, ఒక్కొక్కటి ఏ శాఖకు సంబంధించినదో ఆ శాఖకు అభిప్రాయం కోసం పంపుతారు. అంటే ఏ శాఖను మార్చాలని కమిషన్ చెప్పిందో, ఆ మార్పు అవసరమా అని ఆ శాఖనే అడుగుతారన్నమాట. జవాబులు సాధారణంగా నాలుగు రకాలు. "ఆమోదించడమైనది", "సూత్రప్రాయంగా ఆమోదించడమైనది", "ఇప్పటికే అమలులో ఉన్నది", "పరిశీలనలో ఉన్నది". తిరస్కరిస్తున్నామని ఎవరూ రాయరు, ఆ అవసరమూ రాదు. ఖర్చుతో కూడినదైతే అక్కడి నుంచి ఆర్థిక శాఖకు వెళుతుంది. అక్కడ ఆగినవి ఆగిపోతాయి.

తరువాత కొంతకాలానికి "తీసుకున్న చర్య" తెలుపమని పైనుంచి ఒక స్టేట్‌మెంటు వస్తుంది. నా సర్వీసులో అటువంటి స్టేట్‌మెంట్లు ఎన్నో నింపాను. జి.ఓ. నంబరు, తేదీ వేస్తే ఆ గడి నిండినట్టే, పైవారికి ఆ సిఫారసు అమలైనట్టే. కాని జి.ఓ. వచ్చిన తరువాత చూడవలసినవి ఇంకా ఉంటాయి. దానికి నియమావళి వచ్చిందా? పోస్టులు మంజూరయ్యాయా? బడ్జెట్‌లో పద్దు పడిందా? కౌంటర్ దగ్గర మనిషి నింపే ఫారం మారిందా? నా మటుకు ఈ చివరిదే అసలైన పరీక్ష. ఫారం మారలేదంటే, పైన ఎన్ని మారినా దరఖాస్తుదారుకు ఏమీ మారలేదన్న మాట.

సిఫారసులను ఇలా విడగొట్టడంలోనే అసలు చిక్కు ఉంది. కమిషన్ వారు ఒకదానికొకటి ఆధారంగా పది మాటలు చెబుతారు. ప్రభుత్వం వాటిలో ఒక్క ఉత్తర్వుతో అయ్యే మూడింటిని తీసుకుంటుంది. మిగిలిన ఏడూ లేకుండా ఆ మూడూ సరిగా నడవవు. ఇది కమిషన్ నివేదికలకే కాదు, ప్రభుత్వం సొంతంగా తలపెట్టిన సంస్కరణలకూ వర్తిస్తుంది. మన రాష్ట్రంలోనే ఏడాదిన్నర తేడాలో జరిగిన రెండు మార్పులను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి 1984 నాటి గ్రామాధికారుల రద్దు, రెండవది 1985 నాటి మండలాల ఏర్పాటు.

కరణాల లెక్కలు

కరణం, మునసబు పదవులు కోస్తా జిల్లాలలో వంశపారంపర్యంగా ఉండేవి. 1895 నాటి మద్రాసు చట్టం వాటికి ఆధారం. గుంటూరు జిల్లాకు చెందిన ఒక మునసబు పదవి వివాదంలో, వంశం చూసి ప్రభుత్వ పదవి ఇవ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణానికి విరుద్ధమని సుప్రీం కోర్టు 1960 డిసెంబరులో తీర్పు చెప్పింది. అయినా ఊళ్ళో పెద్ద మార్పేమీ కనపడలేదు. ఉన్నవారు కొనసాగారు. లెక్కలు కరణం గారి ఇంట్లో, ఆయన పెట్టెలోనే ఉండేవి. ఆ పద్ధతిలో అన్యాయం లేకపోలేదు. కౌలుకు చేసేవాడి పేరు అడంగల్‌లో ఎక్కాలంటే కరణం గారి దయ ఉండాలి. పేదవాడికి ఆ గడప ఎక్కడమే కష్టం. అందుచేత రద్దు చేయాలన్న ఆలోచనలో న్యాయం ఉంది. తమిళనాడు 1980లో ఆ పని చేసింది. మన రాష్ట్రంలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం 1984 జనవరి 6న ఆర్డినెన్సు తెచ్చి పార్ట్ టైం గ్రామాధికారుల పదవులన్నింటినీ రద్దు చేసింది. కోర్టుకు వెళ్ళినవారికి 1985లో సుప్రీం కోర్టులో కూడా అనుకూలమైన తీర్పు రాలేదు.

నేనప్పుడు జిల్లాలో ఒక తాలూకా ఆఫీసులో గుమాస్తాను. రికార్డులు స్వాధీనం చేసుకోమని ఆదేశాలు వచ్చాయి. వారం పది రోజులు ఆఫీసు వరండా నిండా మూటలే. అడంగళ్ళు, 10(1) ఖాతాలు, ఎఫ్.ఎం.బి. పుస్తకాలు, శిస్తు వసూలు చిట్టాలు వచ్చిపడ్డాయి. మేము పుస్తకాలు లెక్కపెట్టి, జాబితా రాసి, రసీదు ఇచ్చేవాళ్ళం. లోపల ఏముందో చూసే తీరిక ఎవరికీ లేదు, చూడమని ఆదేశమూ లేదు.

ఒక పెద్దాయన, వయసు అరవై దాటిన కరణం, బండి మీద రెండు ట్రంకు పెట్టెలు తెచ్చాడు. రసీదు తీసుకున్నాక కూడా వెళ్ళలేదు. "బాబూ, ఒక్క సంగతి రాసుకో. మా ఊళ్ళో ఒక మూడెకరాల అరవై సెంట్ల నంబరుంది. పట్టా తండ్రి పేరున ఉంది, ఆయన పోయి చాలా కాలమైంది. ముగ్గురు కొడుకులూ నోటిమాట మీద పంచుకున్నారు. పెద్దవాడికి బావి పక్కది, చిన్నవాడికి గట్టు కిందది. నేను శిస్తు ముగ్గురి దగ్గరా విడివిడిగా వసూలు చేసి నా చిట్టాలో రాసుకుంటున్నాను. ఖాతాలో మాత్రం తండ్రి పేరే" అన్నాడు. "సరే కరణం గారూ" అని ఒక చీటీ మీద రాసి ఆ మూటలో పెట్టాను. ఆ చీటీ మళ్ళీ నాకు కనపడలేదు.

తరువాత ఏమైందంటే, కొత్తగా వచ్చిన గ్రామ సహాయకుడు ఖాతాలో ఉన్నది ఉన్నట్టు చనిపోయిన తండ్రి పేరునే డిమాండు రాశాడు. అతని తప్పేమీ లేదు, అతని చేతిలో ఉన్నది ఆ పుస్తకమే. మరుసటి ఏడాది చిన్న కొడుకు బ్యాంకు అప్పు కోసం అడంగల్ నకలు అడిగితే అతని పేరు లేదు. పెద్దవాడు మొత్తం తన సాగుబడి అని రాయించుకున్నాడు. గొడవ ఆర్.డి.ఓ. గారి దాకా, అక్కడి నుంచి సివిలు కోర్టు దాకా వెళ్ళింది. ముగ్గురి వాటాలూ ఏ చిట్టాలో ఉన్నాయో ఆ చిట్టా ప్రభుత్వ రికార్డు కాదు. పాత కరణాన్ని సాక్షిగా పిలుద్దామంటే అప్పటికి ఆయన కాలం చేశాడు. అటువంటి చీటీ మా ఆఫీసులో మరెన్ని మూటల్లో ఉండేదో నేను చెప్పలేను.

పదవి రద్దు చేయడానికి ఒక ఉత్తర్వు చాలు. ఆ పదవిలో ఉన్నవాడి పనిని తీసుకోవడానికి అది చాలదు. పుస్తకాలు తీసుకునే ముందు ఊరూరా తిరిగి పాత కరణం ఎదుట, రైతుల ఎదుట ఖాతా చదివించి, పొలం మీద అజమాయిషీ చేసి సరిచేసుకోవలసింది. దానికి రెండు మూడు ఫసలీలు పట్టేది, సర్వేయర్లు కావలసి వచ్చేది, డబ్బు కావలసి వచ్చేది. ఆ భాగాన్ని వదిలేశారు. భూమి రికార్డులు క్షేత్రంలో సరిచూసే రీసర్వే మన రాష్ట్రంలో మొదలైంది 2020 డిసెంబరులో.

రద్దు మాత్రం నిలిచింది. తరువాత వచ్చిన ఏ ప్రభుత్వమూ వంశపారంపర్యపు కరణాన్ని తిరిగి తేలేదు. కాని ఆయన స్థానంలో ఎవరుండాలన్నది స్థిరపడలేదు. గ్రామ సహాయకుల తరువాత గ్రామ పరిపాలనాధికారులు వచ్చారు. 2002లో పంచాయతీ కార్యదర్శుల పద్ధతి వచ్చింది. 2007లో వి.ఆర్.ఓ.లు వచ్చారు. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. తెలంగాణలో 2020లో వి.ఆర్.ఓ. పదవే తీసివేసి, 2025లో గ్రామ పాలనాధికారులను నియమించారు. ఊళ్ళో భూమి లెక్క ఎవరు చూస్తారన్న ఒక్క ప్రశ్నకు నలభై ఏళ్ళలో ఇన్ని జవాబులు.

మండలం ఎలా నిలిచింది

ఇప్పుడు రెండవది చూద్దాం. పంచాయతీ రాజ్‌ను పరిశీలించడానికి 1977 డిసెంబరులో కేంద్రం అశోక్ మెహతా గారి అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. 1978 ఆగస్టులో 132 సిఫారసులతో నివేదిక వచ్చింది. దాని సారాంశం ఏమిటంటే, జిల్లా పరిషత్తు, దాని కింద 15 నుంచి 20 వేల జనాభాకు ఒక మండల పంచాయతీ, ఈ రెండంచెలే ఉండాలి. వాటికి పన్నులు వేసే అధికారం తప్పనిసరిగా ఉండాలి. బలహీన వర్గాలకు కేటాయించిన డబ్బు వారికే ఖర్చవుతున్నదా అని సామాజిక తనిఖీ క్రమంగా జరగాలి. 1979లో ఆ కేంద్ర ప్రభుత్వం పడిపోయింది. నివేదిక కూడా మరుగున పడవలసిందే. కాని కర్ణాటకలో, మన రాష్ట్రంలో దానికి మళ్ళీ ప్రాణం వచ్చింది.

1985 మే నెలలో పాత తాలూకాలు, ఫిర్కాలు పోయి రాష్ట్రంలో సుమారు 1100 మండలాలు ఏర్పడ్డాయి. 1986 చట్టంతో పంచాయతీ సమితుల స్థానంలో మండల ప్రజా పరిషత్తులు వచ్చాయి, 1987లో ఎన్నికలు జరిగాయి. అయితే కమిటీ చెప్పినది యథాతథంగా రాలేదు. సగటున ఒక్కో మండలానికి గ్రామీణ జనాభా నలభై వేలకు అటూ ఇటూ తేలింది, అంటే కమిటీ అనుకున్నదానికి రెట్టింపు. గ్రామ పంచాయతీలు అలాగే ఉన్నాయి. పైగా జిల్లా స్థాయిలో ఒక మంత్రి అధ్యక్షతన సమీక్షా మండలి అనేదాన్ని చేర్చారు. రెండంచెలు కావలసినవి నాలుగయ్యాయి. అధికారాన్ని కిందికి ఇమ్మని కమిటీ చెబితే, ఒక చేత్తో ఇచ్చి, పైన ఒక మంత్రిని కూర్చోబెట్టారు. పన్నుల అధికారం సంగతి చెప్పనక్కరలేదు. మండల పరిషత్తుకు సొంత ఆదాయం నామమాత్రమే. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ తరువాత కూడా మండల అధ్యక్షులు నిధుల కోసం పై వైపే చూడవలసి వచ్చింది.

అయినా మండలం నిలిచింది. 1989లో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వానికి పాత ప్రభుత్వం చేసిన పనుల మీద ప్రేమ లేదు, అయినా తాలూకాలను తిరిగి తేలేదు. ఎం.ఆర్.ఓ. పేరు పోయి మళ్ళీ తహశీల్దారు అన్న పాత పేరు వచ్చింది గాని, ఆయన కూర్చున్నది మండలంలోనే. 2014లో రాష్ట్రం విడిపోయింది, 2016లో తెలంగాణలోనూ 2022లో మన దగ్గరా జిల్లాలు మారాయి. మండలాలను ఒక జిల్లా నుంచి మరొక జిల్లాకు ఇటుకల్లా మార్చారే గాని మండల వ్యవస్థను తీసివేయలేదు.

కారణం మన పాత విశాఖ జిల్లాలోనే కనపడుతుంది. ఏజెన్సీలో చింతపల్లి, పాడేరు వంటి తాలూకాలు ఎంత విస్తీర్ణమో మన సభ్యులలో అక్కడ పనిచేసిన వారికి తెలుసు. ఒక సర్టిఫికెట్టు కోసం గిరిజనుడు కొండ దిగి ఒక రోజు నడిచి, ఆఫీసులో సారు లేకపోతే ఏ అరుగు మీదో పడుకొని మర్నాడు తిరుగు ప్రయాణం చేసేవాడు. 1985లో ఏజెన్సీలో 11 మండలాలు ఏర్పడ్డాయి. పెదబయలు, ముంచంగిపుట్టు, గూడెం కొత్తవీధి వంటి చోట్లకు ఆఫీసు వెళ్ళింది. ఆఫీసు వెంట ఇతర శాఖల వారు, వారి వెంట క్వార్టర్లు, హోటలు, బస్సు, తరువాత బ్యాంకు, కళాశాల వచ్చాయి. మండల కేంద్రం ఒక చిన్న ఊరై పెరిగింది.

ఇంత అయ్యాక దానిని తీసివేయాలంటే ఎవరు ఒప్పుకుంటారు? ఊరివాడు ఒప్పుకోడు, నడక తగ్గింది. వ్యాపారస్థుడు ఒప్పుకోడు. ఉద్యోగులు ఒప్పుకోరు, పోస్టులు పెరిగి మనలో చాలామందికి ప్రమోషన్లు వచ్చింది అప్పుడే. స్థానిక నాయకుడు అసలే ఒప్పుకోడు. ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా మండలాన్ని ఉంచడం కన్నా తీయడమే కష్టం. మార్పును మొదలుపెట్టినవారు వెళ్ళిపోయాక కూడా దానిని కాపాడుకునే వారు ఊరూరా ఉన్నారు. పన్నుల అధికారం విషయంలో అలా అడిగేవారు తయారు కాలేదు, అందుకే ఆ సిఫారసు కాగితం మీదే ఉండిపోయింది.

ఇరవై ఎనిమిదేళ్ళ తరువాత

ఈ కథకు ఒక కొసమెరుపు ఉంది. 1978లో అశోక్ మెహతా గారు చెప్పిన సామాజిక తనిఖీ గురించి మండలాలు ఏర్పడినప్పుడు ఎవరూ తలచుకోలేదు. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షను కింద గ్రామసభ సామాజిక తనిఖీ జరపాలని వచ్చింది. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. ఆ తనిఖీని దేశంలో అందరికన్నా గట్టిగా చేపట్టిన రాష్ట్రం మనదే. మస్టరు రోలు ఊరి మధ్య చదివి, "ఫలానావాడు ఇన్ని రోజులు పనిచేసినట్టు ఉంది, నిజమేనా?" అని అడిగారు. "నేను ఆ వారం ఊళ్ళోనే లేను" అని అతను లేచి చెప్పగలిగాడు.

అక్కడ కూడా చిక్కులు వచ్చాయి. తప్పు బయటపడినంత సులువుగా తిన్న డబ్బు వసూలు కాలేదు. తనిఖీ చేయడం ఒకరి పని, చర్య తీసుకోవడం మరొకరి పని కావడం దానికి కారణం. అయినా ఇరవై ఎనిమిదేళ్ళు కాగితం మీద ఉన్న మాట ఊరి మధ్యకు రావడానికి రెండు తోడ్పడ్డాయి. ఒకటి, అది జి.ఓ.గా కాక చట్టంలోని సెక్షనుగా వచ్చింది. జి.ఓ.ను మరొక జి.ఓ. రద్దు చేస్తుంది, చట్టాన్ని మార్చాలంటే సభలో నలుగురి ముందు చెప్పాలి. రెండు, ఆ కాగితంలో తన కూలి డబ్బు ఉన్న మనిషే దానిని వినడానికి కూర్చున్నాడు.

కాబట్టి ఆ అబ్బాయి ఈసారి కనపడితే బీరువాల మాట చెప్పను. కమిషన్లు చెప్పినవి పూర్తిగా అమలు కాకపోవడానికి కారణం సోమరితనం ఒక్కటే కాదు. ఎవరు వదులుకోవాలో వారినే అభిప్రాయం అడగడం, విడదీయరాని సిఫారసులను విడదీయడం, పాతది తీసేసి కొత్తదానికి కావలసిన మూడేళ్ళ చాకిరీని దాటవేయడం, ఇవీ కారణాలు. నిలిచిన మార్పు ఏదైనా, దానివల్ల నడక తగ్గినవాడో, కూలి దక్కినవాడో దానిని పట్టుకొని కూర్చున్నందువల్ల నిలిచింది. కొత్త సంస్కరణ వచ్చిందని పేపర్లో చూసినప్పుడు నేను ఇప్పటికీ మొదట చూసేది, పాత పుస్తకాలు ఎవరు, ఎలా స్వాధీనం చేసుకుంటున్నారన్నదే. ఆ చీటీ పోయిన దగ్గర నుంచి నాకు ఆ అలవాటు పోలేదు.

1984–85 నాటి రికార్డుల స్వాధీనంలో పాల్గొన్న మిత్రులు మన సంఘంలో ఇంకా కొందరు ఉన్నారు. వారి తాలూకాలో ఆ పని ఎలా జరిగిందో తదుపరి సంచికకు రాస్తే, నేను పొరపాటుగా చెప్పినది ఏదైనా ఉంటే సరిదిద్దుకుంటాను.